హార్ముజ్ మూసుకుంటే బహదూర్‌పురాలో సిలిండర్ ఎన్ని రోజులకు ఆగుతుంది?

(2025 డిసెంబరులో బహదూర్‌పురాలో చేసిన ప్రసంగం వీడియోకు లిఖిత రూపం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

 

ఇవాళ్టి విషయం సముద్రం. బహదూర్‌పురాలో కూర్చుని సముద్రం గురించి ఏం మాట్లాడతాడు ఈయన, మనకు దగ్గర్లో ఉన్న పెద్ద నీళ్లంటే మీరాలం చెరువే కదా అనుకుంటున్నారేమో. నేను చెప్పబోయేది మీ వంటింట్లో ఉన్న ఎర్ర సిలిండర్ గురించే. హైదరాబాద్‌లో దాని ధర 2025 ఏప్రిల్‌లో 905 రూపాయలైంది. లోపల 14.2 కిలోల గ్యాస్. ఆ గ్యాస్ ఎక్కడినుంచి వచ్చింది, ఏ దారిలో వచ్చింది, ఆ దారిలో ఇరుకు ఎక్కడుంది, ఆ ఇరుకులో ఏమైనా అయితే ఆ సంగతి మనదాకా రావడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఇవి చూద్దాం.

ముందు ఒక లెక్క. మన దేశం ఏడాదికి వాడే ఎల్‌పీజీ సుమారు 3 కోట్ల 10 లక్షల టన్నులు. ఇందులో మనం సొంతంగా తయారు చేసుకునేది కోటి 30 లక్షల టన్నులకు కాస్త తక్కువ. అంటే నూటికి దాదాపు 60 పాళ్లు బయటనుంచి ఓడల్లో రావాల్సిందే. ఆ వచ్చేదాంట్లో నూటికి 90 పాళ్ల దాకా ఖతర్, యూఏఈ, కువైట్, సౌదీలదే. మన పాతబస్తీలో ఎంతమంది అన్నదమ్ములు ఏ దేశాలకు పనికి పోయారో, దాదాపు ఆ దేశాల నుంచే మన పొయ్యికి మంట వస్తోంది. మనుషులు విమానంలో పోయి వస్తారు, గ్యాస్ మాత్రం ఓడలోనే రావాలి. ఆ ఓడలన్నీ ఒకే గుమ్మం దాటి రావాలి. ఆ గుమ్మం పేరు హార్ముజ్ జలసంధి.

మ్యాప్ చూపిస్తున్నాను, చూడండి. ఇది పర్షియన్ గల్ఫ్. ఎడమవైపు పైన కువైట్, ఇరాక్. కింది వరసలో సౌదీ, బహ్రెయిన్, ఖతర్, యూఏఈ. పై అంచంతా ఇరాన్. నీళ్లు మూడు వైపులా మూసుకుపోయి ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే ఇది బంద్ గల్లీ. లోపల ఎంత పెద్ద ఇళ్లున్నా, బయటికి రావడానికి ఒక్కటే మొగ. ఆ మొగ దగ్గర పైన ఇరాన్, కింద ఒమాన్ దేశపు ముసందం కొన. రెంటి మధ్య అతి ఇరుకైన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు.

33 కిలోమీటర్లంటే ఇరుకేంటి అంటారు మీరు. ఓడకు అది చాలదా? నీళ్ల వెడల్పు అంతా ఓడ దారి కాదు. పెద్ద ట్యాంకర్లకు లోతు కావాలి. పైగా ఎదురెదురుగా వచ్చే ఓడలు ఢీకొనకుండా సముద్రంలో కూడా లేన్లు గీశారు. లోపలికి పోయే లేను సుమారు 3 కిలోమీటర్లు, బయటికి వచ్చేది 3 కిలోమీటర్లు, మధ్యలో డివైడర్‌లా ఇంకో 3 కిలోమీటర్ల ఖాళీ. ఒక పెద్ద ట్యాంకర్ బ్రేకు వేసినట్టు ఆగదు, కిలోమీటర్ల దూరం సాగి ఆగుతుంది. ఆ లెక్కన ఇది ఇరుకే. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు ఈ లేన్ల మీదుగా పోయింది. ప్రపంచం వాడే చమురులో ఇది ఐదో వంతు.

అయితే ఇరుకు ఒక్కటే అసలు సంగతి కాదు. మీరు ఫ్లైఓవర్ రాకముందు మన బహదూర్‌పురా చౌరస్తా చూసినవాళ్లే. జామ్ అయితే ఆటోవాళ్లు ఏం చేసేవాళ్లు? కిషన్‌బాగ్ గల్లీల్లోంచి తిప్పేవాళ్లు. టైము పట్టేది, తిట్టుకునేవాళ్లు, కానీ ఇంటికి చేరేవాళ్లు. ప్రపంచంలో చాలా ఇరుకులు అలాంటివే. మలక్కా జలసంధి జామ్ అయితే పక్కనే సుందా, లోంబోక్ దారులున్నాయి. సూయజ్ కాలువ మూసుకుంటే ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవచ్చు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్‌లో అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కున్నప్పుడు కొన్ని ఓడలు అలాగే పోయాయి. 2023 నవంబరు నుంచి యెమెన్ హూతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక బాబ్ అల్ మందబ్ వదిలేసి పెద్ద కంటైనర్ కంపెనీలు చాలావరకు ఆఫ్రికా చుట్టూనే తిప్పాయి. పది, పదిహేను రోజులు ఎక్కువ పట్టింది, ఖర్చు పెరిగింది, సరుకు మాత్రం చేరింది.

హార్ముజ్‌కు ఆ పక్కదారి లేదు. బంద్ గల్లీకి చుట్టుదారి ఎక్కడుంటుంది? అందుకే నా దృష్టిలో మిగతా ఇరుకులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఇక్కడ ఒక చిన్న మాట. సూయజ్, పనామా కాలువలు మనుషులు తవ్వినవి. వాటికి యజమాని ఉన్నాడు. ఈజిప్టు టోల్ వసూలు చేస్తుంది, కాబట్టి కాలువ నడవడం దానికి లాభం. జలసంధికి అట్లా ఉండదు. హార్ముజ్ దగ్గర ఇరాన్ జలాలు, ఒమాన్ జలాలు కలిసిపోతాయి, మధ్యలో ఎవరిదీ కాని సముద్రం మిగలదు. ఓడ పోవాలంటే ఎవరో ఒకరి నీళ్లలోంచే పోవాలి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఏమంటుందంటే, ఇలాంటి చోట అన్ని దేశాల ఓడలకూ ఆగకుండా దాటిపోయే హక్కు ఉంటుంది, ఒడ్డు దేశం ఆపకూడదు. ఇరాన్ దాని మీద సంతకం పెట్టింది, పార్లమెంటులో ఆమోదించలేదు. అమెరికా అసలు సంతకమే పెట్టలేదు. ఆ ఇద్దరే అక్కడ ఎదురెదురుగా నిలబడతారు. రాజకీయం ఎందుకు వస్తుందో అర్థమైంది కదా.

సరే, మన సిలిండర్ దగ్గరికి వద్దాం. ఒక ఓడను పట్టుకుని దాని వెంట పోదాం.

ఖతర్‌లో రాస్ లఫాన్ అనే రేవు ఉంది. అక్కడ సముద్రం అడుగునుంచి తీసిన సహజవాయువును శుద్ధి చేసేటప్పుడు ప్రొపేన్, బ్యూటేన్ విడిపోతాయి. ఆ రెండూ కలిస్తేనే మన వంటగ్యాస్. మామూలుగా గాలిలా ఉండేదాన్ని ఓడలో పోయాలంటే ద్రవంగా మార్చాలి. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు కింద ద్రవమవుతుంది. అంత చల్లగా ఉంచే ట్యాంకులున్న పెద్ద ఓడలో సుమారు 45 వేల టన్నులు పడుతుంది. 14.2 కిలోలతో భాగించండి, 31 లక్షల సిలిండర్ల పైమాట. ఒక్క ఓడ! మన దేశం దిగుమతి మొత్తాన్ని ఇలాంటి ఓడలతో లెక్కేస్తే రోజుకు ఒకటికి పైగా రావాలి.

ఆ ఓడ హార్ముజ్ దాటి, అరేబియా సముద్రం దిగి, శ్రీలంక కింద మలుపు తిరిగి విశాఖపట్నం చేరడానికి ఎనిమిది, తొమ్మిది రోజులు పడుతుంది. విశాఖలో భూమి లోపల రాయి తొలిచి కట్టిన గుహ ఉంది, 2007 నుంచి నడుస్తోంది. 60 వేల టన్నులు పడుతుంది. చుట్టూ రాతిలో ఉండే నీటి ఒత్తిడే గ్యాస్‌ను బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. స్టీలు ట్యాంకు లేదు, రాయి, నీళ్లే గోడ. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు గెయిల్ వేసిన ఎల్‌పీజీ పైపులైను ఉంది, 600 కిలోమీటర్ల పైన. 2004 నుంచి పని చేస్తోంది. చర్లపల్లి దగ్గర బాట్లింగ్ ప్లాంట్లలో సిలిండర్లు నింపుతారు, అక్కడినుంచి లారీల్లో ఏజెన్సీ గోడౌన్‌కు, అక్కడినుంచి ట్రాలీ ఆటోలో మీ గల్లీకి. మీ సిలిండర్‌లో ఉన్నదంతా ఖతర్‌దే అని నేను ప్రమాణం చేయను. విశాఖ రిఫైనరీ గ్యాస్ కూడా అందులో కలుస్తుంది, ఒకసారి కలిశాక ఎవరిది ఎవరిదో తేల్చలేం. కానీ దేశం మొత్తం మీద ఆ ఓడలు రాకపోతే సగానికి పైగా సిలిండర్లు ఖాళీ.

ఇప్పుడు ఈ ఏడాది జూన్‌లో ఏం జరిగిందో చూడండి. 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. 22న అమెరికా బాంబులు వేసింది. అదేరోజు ఇరాన్ పార్లమెంటు హార్ముజ్ మూసేయడానికి మద్దతు తెలిపింది. టీవీల్లో ఎర్రక్షరాలు. 23న ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఆ రాత్రి గల్ఫ్‌లో విమానాలు ఆగిపోయి ఎంతమంది ఎయిర్‌పోర్టుల్లో కూర్చున్నారో మీ ఇళ్లల్లో కొందరికి తెలిసే ఉంటుంది. 24న కాల్పుల విరమణ. జలసంధి మాత్రం ఒక్కరోజు కూడా మూసుకోలేదు. బ్యారెల్ ధర 70 డాలర్ల దగ్గరనుంచి 80 దాకా ఎగిరి మళ్లీ కిందికి వచ్చేసింది.

మూసుకోలేదు కదా, మరి ఏం కాలేదా? అయింది. ఆ రోజుల్లో రోజూ వందల ఓడల జీపీఎస్ చెడిపోయింది. ఓడ సముద్రంలో ఉంటే తెరమీద ఎడారిలో ఉన్నట్టు చూపిస్తుంది. జూన్ 17న యూఏఈ తీరానికి దగ్గర్లో ఫ్రంట్ ఈగిల్, అడలిన్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. యూఏఈ అధికారులు ఒక ఓడ దారి అంచనా తప్పడమే కారణమన్నారు. ఏదైనా సరే, చీకట్లో, జీపీఎస్ లేకుండా, అంత రద్దీలో నడపడం ఎలా ఉంటుందో ఊహించండి.

రెండోది ఇన్సూరెన్స్. ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త ఆగి చెప్తాను. మన ఆటోకు ఉన్నట్టే ఓడకూ ఇన్సూరెన్స్ ఉంటుంది, కానీ యుద్ధం నష్టం అందులో రాదు. ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితా లండన్‌లో ఒక కమిటీ తయారు చేస్తుంది. ఆ నీళ్లలోకి పోవాలంటే ప్రతి ట్రిప్పుకూ విడిగా యుద్ధ ప్రీమియం కట్టాలి, అది సాధారణంగా ఏడు రోజులకే చెల్లుతుంది. ఓడ ఖరీదులో ఇంత శాతం అని లెక్క. జూన్‌కు ముందు 0.125 శాతం దగ్గర ఉంది. గొడవ మొదలయ్యాక 0.2కు, కొన్ని ఓడలకు 0.5 దాకా పోయింది.

మన గ్యాస్ ఓడ ఖరీదు 10 కోట్ల డాలర్లు అనుకుందాం. 0.2 శాతమంటే 2 లక్షల డాలర్లు, డాలరు 90 రూపాయలైతే కోటీ 80 లక్షలు. వినడానికి పెద్దదే. కానీ 31 లక్షల సిలిండర్లకు పంచండి. సిలిండర్‌కు ఆరు రూపాయలు కూడా పడదు. 0.5 శాతమైతే 15 లోపు. ఒక శాతానికి పోయినా 29 రూపాయలు. అంటే ప్రీమియం పెరిగినంత మాత్రాన మన పొయ్యి ఆగదు. ఆగేది ఎప్పుడంటే, ఇన్సూరెన్స్ ఇచ్చేవాడు ఏ ధరకూ ఇవ్వనన్నప్పుడు, లేదా ఓడ యజమాని 'నా మనుషులను పంపను' అన్నప్పుడు. ఆ రోజు జలసంధికి ఎవరూ తాళం వేయనక్కరలేదు, ఓడలే రావు.

1984 నుంచి 88 దాకా ఇరాన్, ఇరాక్ యుద్ధంలో ట్యాంకర్ల మీదే దాడులు చేసుకున్నారు. వందల ఓడలు దెబ్బతిన్నాయి, నావికులు చనిపోయారు. అయినా హార్ముజ్ మూసుకోలేదు. ఇరాన్‌కు కూడా తన చమురు అమ్ముకోవడానికి అదే గుమ్మం మరి. హార్ముజ్ మూసుకుంటుందన్న భయంతో సౌదీ 1980ల మొదట్లోనే దేశానికి అడ్డంగా ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యాన్‌బూకు పైపులైను వేసుకుంది. యూఏఈ కూడా తర్వాత హబ్షాన్ నుంచి ఫుజైరాకు వేసింది, ఫుజైరా గుమ్మానికి బయట ఉంది. బంద్ గల్లీ వెనక గోడకు చిన్న దర్వాజా కొట్టినట్టన్నమాట.

ఇక్కడే మన చిక్కు. ఆ దర్వాజాలు ప్రధానంగా ముడిచమురుకు. ఖతర్‌కు అసలు అలాంటి పైపే లేదు, రాస్ లఫాన్ వంటగ్యాస్ అంతా ఓడలోనే రావాలి. ఇంకొకటి. విశాఖలోనే దేశం కోసం ముడిచమురు దాచే గుహలున్నాయి, 13 లక్షల 30 వేల టన్నులు పడుతుంది. అదే విశాఖలో గ్యాస్ గుహ 60 వేల టన్నులు. మంగళూరులో ఈ ఏడాది 80 వేల టన్నులది వచ్చింది. రెండూ కలిపితే లక్షా 40 వేలు. దేశం రోజుకు వాడేది సుమారు 85 వేల టన్నులు. ఆ రెండు గుహలూ నిండుగా ఉన్నా రెండు రోజులకు సరిపోవు. చమురును మామూలు ట్యాంకులో పోసి మూతపెట్టొచ్చు, గ్యాస్‌ను ఒత్తిడిలో గానీ గడ్డకట్టే చలిలో గానీ ఉంచాలి, ఖర్చు ఎక్కువ. అందుకే ఎవరూ ఎక్కువ దాచరు. పేపర్లలో పెట్రోలు గురించే రాస్తారు గానీ, నన్నడిగితే మనకు అసలు బలహీనమైన చోటు గ్యాసే.

(వెనక వరసలోంచి ఒకరు: అన్నా, మరి నిజంగనే బంద్ చేసిన్రు అనుకో. మనకు ఎన్ని దినాలకు తెలుస్తది?)

మంచి ప్రశ్న భాయ్. వరసగా చూద్దాం. మొదటిరోజు సిలిండర్ ఆగదు. అప్పటికే గుమ్మం దాటిన ఓడలు దారిలో ఉంటాయి కదా, విశాఖకు ఎనిమిది, తొమ్మిది రోజుల దాకా అవి వస్తూనే ఉంటాయి. మంగళూరు లాంటి పడమటి రేవులకు దూరం తక్కువ, అక్కడ అంతకంటే ముందే ఖాళీ పడుతుంది. ఆ తర్వాత గుహలో ఉన్నది, పైపులో ఉన్నది, ప్లాంట్లో, గోడౌన్లో ఉన్నది తింటూ పోవాలి. పైపులో ఉన్నదంతా తీసుకోలేం కూడా, వెనకనుంచి తోసేది లేకపోతే ముందుకు రాదు. కాబట్టి ఒకరోజు టక్కున ఆగినట్టు ఉండదు. బుక్ చేస్తే రెండు రోజుల్లో వచ్చేది ఐదు రోజులవుతుంది, తర్వాత పది. నా అంచనాలో రెండు వారాలకల్లా ఆ తేడా మీకు కనబడుతుంది. జనం భయపడి ముందే బుక్ చేస్తే ఇంకా తొందరగా.

అందరికంటే ముందు తెలిసేది హోటల్‌వాళ్లకు. ఇరానీ చాయ్ దుకాణం, మిర్చీ బండి, ఫంక్షన్ హాల్ వంటవాళ్లు, వీళ్లు వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. దాని ధర ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. సౌదీ అరాంకో నెలనెలా ప్రొపేన్, బ్యూటేన్ ధర ప్రకటిస్తుంది, దాన్ని పట్టుకుని ఇక్కడ లెక్క వేస్తారు. ఇంటి సిలిండర్ ధర ప్రభుత్వం పట్టి ఉంచుతుంది. దానివల్ల కంపెనీలకు వచ్చిన నష్టానికి ఈ ఆగస్టులో కేంద్రం 30 వేల కోట్లు ఇస్తామంది. కొరత వస్తే ఉన్న సరుకు ముందు ఇళ్లకే ఇవ్వాలంటారు, అది న్యాయమే. కానీ అప్పుడు చాయ్ దుకాణం పొయ్యి ముందు ఆరుతుంది, అక్కడ పనిచేసే పిల్లవాడి కూలి ఆగుతుంది. మీరు ముందే పసిగట్టాలంటే టీవీలో 'మూసేస్తాం' అన్న బెదిరింపు చూడకండి, అది చాలా ఏళ్లుగా వింటున్నాం. ఒకటో తారీఖు కమర్షియల్ ధర చూడండి, ఏజెన్సీలో బుకింగుకు ఎన్ని రోజులు పడుతోందో అడగండి.

(ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మ: వేరే దేశం నుంచి తెచ్చుకోవచ్చు కదా బాబూ?)

తెస్తున్నారమ్మా. ఈ నవంబరులోనే మన ప్రభుత్వ కంపెనీలు అమెరికా నుంచి 2026లో 22 లక్షల టన్నులు కొనడానికి ఒప్పందం చేసుకున్నాయి. మన దిగుమతిలో పదో వంతు. మంచిదే, కానీ దూరం చూడండి. ఖతర్ నుంచి తొమ్మిది రోజులైతే, అమెరికా దక్షిణ తీరం నుంచి నెల పైనే. దగ్గరి దారి సూయజ్, బాబ్ అల్ మందబ్ మీదుగా. అంటే ఒక గుమ్మం తప్పించుకుని ఇంకో రెండు గుమ్మాల్లోకి పోయినట్టు. అక్కడ గొడవుంటే ఆఫ్రికా చుట్టూ. దూరం మూడు నాలుగు రెట్లయితే, అంతే సరుకు తేవడానికి ఓడలూ అన్ని రెట్లు కావాలి. హార్ముజ్ మూసుకున్న రోజున జపాన్, కొరియా, చైనా కూడా ఆ అమెరికా గ్యాస్ కోసమే, ఆ ఓడల కోసమే వస్తాయి. ముందే ఒప్పందం చేసుకున్నవాడికి దొరుకుతుంది, అప్పుడు లేచి పరుగెత్తినవాడికి దొరికినా ఆ ధర వేరు. అందుకని ఆ పదో వంతు ఒప్పందాన్ని నేను తక్కువ చేసి చూడను. కానీ మిగతా తొమ్మిది వంతుల్లో ఎక్కువ భాగం ఇంకా ఆ బంద్ గల్లీలోంచే రావాలి.

సమయం అయిపోయింది, నమాజుకు పోయేవాళ్లు కూడా ఉన్నారు. ఇంకా ప్రశ్నలుంటే కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మలక్కా సంగతితో పాటు చూద్దాం. నమస్కారం, ఖుదా హాఫిజ్.